నిఫ్టీని ఫండ్ మేనేజర్ ఎందుకు దాటలేకపోతున్నాడు: అపోహలు, వాస్తవాలు

నల్గొండలో మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌గా పని చేస్తున్నాను. మీరు నా ద్వారా రెగ్యులర్ ప్లాన్‌లో పెట్టిన డబ్బు మీద ఏటా నాకు కమీషన్ వస్తుంది. మేనేజర్ షేర్లు ఎంచి కొనే యాక్టివ్ ఫండ్ అయితే ఎక్కువ, నిఫ్టీ లాంటి సూచీని ఉన్నదున్నట్టు అనుసరించే ఇండెక్స్ ఫండ్ అయితే చాలా తక్కువ. ఈ సంగతి మనసులో పెట్టుకునే కింది మాటలు చదవండి.

అపోహ: "నా ఫండ్ నిఫ్టీ కంటే ఎక్కువే ఇచ్చింది"

దేవరకొండ వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ పదేళ్ల నాటి లార్జ్ క్యాప్, అంటే పెద్ద కంపెనీల షేర్లు కొనే ఫండ్ స్టేట్‌మెంట్ పట్టుకుని వచ్చారు. ఒక కాగితం మీద నిఫ్టీ అప్పుడెంత, ఇప్పుడెంత అని రాసుకుని, లెక్క కూడా కట్టుకొచ్చారు. "చూడు తమ్మీ, ఏటా అర శాతం నా ఫండే ముందుంది. మళ్లీ ఇండెక్స్ ఫండ్ ఎందుకు?" అన్నారు.

లెక్కలో తప్పు లేదు. పోల్చిన అంకెలోనే తేడా ఉంది. టీవీలో కనిపించే నిఫ్టీ షేర్ల ధరలను మాత్రమే చూపిస్తుంది. ఆ 50 కంపెనీలు ఇచ్చే డివిడెండ్ అందులో కలవదు. ఆయన ఫండ్‌కు మాత్రం ఆ డివిడెండ్ వచ్చింది, ఎన్‌ఏవీలో, అంటే యూనిట్ ధరలో కలిసిపోయింది. డివిడెండ్ కూడా కలిపి లెక్కకట్టే సూచీని టోటల్ రిటర్న్ ఇండెక్స్, అంటే టీఆర్ఐ అంటారు. నిఫ్టీ డివిడెండ్ సుమారుగా ఏటా 1.25 శాతం అనుకుంటే, అర శాతం ముందున్నట్టు కనిపించిన ఫండ్ నిజానికి ముప్పావు శాతం వెనకబడింది.

ఫండ్లు టీఆర్ఐతోనే పోల్చుకోవాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది 2018 ఫిబ్రవరి నుంచి. అంతకుముందు బ్రోచర్లలో "ఇండెక్స్‌ను ఓడించాం" అని రాసుకున్న చాలా ఫండ్లకు ఈ డివిడెండ్ తేడాయే పెద్ద అండ. పైగా 2017 అక్టోబర్‌లో వర్గీకరణ నిబంధనలు రాకముందు లార్జ్ క్యాప్ అనే పేరుతోనే మధ్యస్థాయి కంపెనీల మిడ్ క్యాప్ షేర్లు బాగా కొనేవాళ్లు. ఇప్పుడు కనీసం 80 శాతం డబ్బు మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీల్లోనే ఉండాలి. అందుకే పాత రికార్డు చూపించి అమ్మేవాళ్లను "ఇది ఏ సంవత్సరం నుంచి?" అని అడగండి.

అపోహ: "అంత చదువుకున్నోళ్లు సగటు కూడా తేలేరా?"

తెలివి లేక కాదు. 1991లో విలియం షార్ప్ అనే ఆర్థికవేత్త దీన్ని చిన్న లెక్కతో తేల్చేశారు. మన బత్తాయి మార్కెట్‌తో చెబుతాను. ఒక రోజు వచ్చిన సరుకంతా కలిపితే క్వింటాలుకు సగటున ఇంత ధర పడింది అనుకోండి. ఒక రైతుకు సగటు కంటే ఎక్కువ పడిందంటే, ఇంకొకరికి తక్కువ పడి ఉండాలి. అందరిదీ కలిపితే సగటును దాటడం కుదరదు. హమాలీ, కమీషన్ తీసేశాక చేతికి వచ్చేది సగటు కంటే తక్కువే. షేర్ మార్కెట్‌లో యాక్టివ్‌గా కొని అమ్మేవాళ్లందరి పరిస్థితీ ఇదే. ఖర్చులకు ముందు వాళ్ల సగటే మార్కెట్ సగటు. ఖర్చులు పోయాక ఆ మేరకు వెనకే.

ఆ ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది, అదే ప్రమాదం. టీచర్ గారి ముందు కాల్‌క్యులేటర్ పెట్టి చూపించాను. 5 లక్షలు, 15 ఏళ్లు. ఖర్చులకు ముందు ఏటా 12 శాతం వస్తుందని ఊహిద్దాం. డిస్ట్రిబ్యూటర్ లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్‌లో, 0.2 శాతం ఖర్చున్న ఇండెక్స్ ఫండ్‌లో అది సుమారు 26.6 లక్షలవుతుంది. 1.8 శాతం ఖర్చున్న యాక్టివ్ ఫండ్ రెగ్యులర్ ప్లాన్‌లో సుమారు 21.5 లక్షలు. తేడా 5 లక్షల పైనే, అంటే ఆయన మొదట పెట్టిన అసలంత. ఇందులో నా కమీషన్ వాటా కూడా ఉంది కాబట్టి మూడో లెక్క కూడా వేశాను. అదే యాక్టివ్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో ఖర్చు 0.8 శాతం అయితే సుమారు 24.6 లక్షలు. ఆయన ఆ మూడు అంకెలనూ తన కాగితం వెనక రాసుకుని చాలాసేపు చూశారు.

ఇంకో కారణం ఉంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. యాక్టివ్ ఫండ్ ఒకే కంపెనీ షేర్లలో 10 శాతానికి మించి పెట్టకూడదు. ఇండెక్స్ ఫండ్‌కు ఆ అడ్డు లేదు, సూచీలో ఎంత వాటా ఉంటే అంత పెట్టవచ్చు. 2020లో రిలయన్స్ షేరు పరుగెత్తి నిఫ్టీలో దాని వాటా 10 శాతం దాటింది. ఆ కంపెనీ మీద ఎంత నమ్మకం ఉన్నా మేనేజర్ 10 దగ్గరే ఆగాలి. అలా కొద్ది కంపెనీలే సూచీని లాక్కెళ్లిన ప్రతిసారీ లార్జ్ క్యాప్ ఫండ్లు వెనకబడతాయి. దీనికి రెండో వైపు కూడా ఉంది. 2023 జూలైలో హెచ్‌డీఎఫ్‌సీ సంస్థ తనలో విలీనమయ్యాక హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు వాటా కూడా 10 దాటింది. 2024 జనవరిలో ఆ షేరు పడ్డప్పుడు అదే పరిమితి యాక్టివ్ ఫండ్లకు కొంత మేలు చేసింది.

అపోహ: "టాప్ రేటింగ్ ఫండ్ ఎంచుకుంటే చాలు"

ఒకప్పుడు నేనూ ఇలాగే అమ్మాను, అది తప్పు. ఈరోజు టాప్‌లో ఉన్న ఫండ్ వచ్చే ఐదేళ్లూ అక్కడే ఉండటం అరుదు. అదీగాక, బాగా ఆడని స్కీములను వేరేవాటిలో కలిపేస్తారు. దాంతో ఇప్పటి జాబితాలో మిగిలినవే కనిపించి, మొత్తం చరిత్ర బాగున్నట్టు అనిపిస్తుంది.

అపోహ: "అయితే యాక్టివ్ ఫండ్లన్నీ దండగ"

ఇదీ నిజం కాదు. షార్ప్ లెక్క యాక్టివ్‌గా కొనేవాళ్లందరికీ కలిపి వర్తిస్తుంది, ఒక్క మ్యూచువల్ ఫండ్లకే కాదు. ఫండ్లు గెలవాలంటే అవతల ఓడేవాళ్లు ఉండాలి. నిఫ్టీ కంపెనీల్లో అవతల ఉన్నది విదేశీ సంస్థలు, బీమా కంపెనీలు, ఇతర ఫండ్లు. ఒక్కో కంపెనీని డజన్ల మంది విశ్లేషకులు జల్లెడ పడతారు, ఎవరికీ తెలియని సంగతి దొరకడం కష్టం. మిడ్ క్యాప్, స్మాల్ క్యాప్‌లో పరిస్థితి వేరు. చాలా కంపెనీలను పట్టించుకునేవాళ్లు తక్కువ, చెవిలో పడిన టిప్‌తో కొనే చిన్న మదుపరులు ఎక్కువ. ఫ్యాక్టరీకి వెళ్లి, అప్పులు చూసి, ప్రమోటర్ నడవడిక గమనించే మేనేజర్‌కు అక్కడ పైచేయి దొరికే అవకాశం ఉంది. కానీ ఆ ఫండ్‌లోకి డబ్బు మరీ ఎక్కువ వచ్చి పడితే అదే మేనేజర్‌కు చిన్న షేర్లు కొనడం, అమ్మడం కష్టమవుతుంది.

ఇండెక్స్ ఫండ్‌కూ లోపాలున్నాయి. 2020 జనవరి నుంచి మార్చి లోపు నిఫ్టీ సుమారు 38 శాతం పడింది. ఇండెక్స్ ఫండ్ కూడా అంతే పడింది, ఎందుకంటే నగదు పక్కన పెట్టే వీలు దానికి లేదు. ఒకే నిఫ్టీని అనుసరించే రెండు ఫండ్ల రాబడి కూడా ఒకేలా ఉండదు. ఫండ్ కంపెనీ వెబ్‌సైట్‌లో ట్రాకింగ్ డిఫరెన్స్, అంటే సూచీ రాబడికీ ఫండ్ రాబడికీ ఉన్న తేడా చూడండి. అది ఖర్చు శాతం కంటే బాగా ఎక్కువ కనిపిస్తే ఆ ఫండ్ నిర్వహణలో ఏదో లోపం ఉన్నట్టే.

టీచర్ గారు పాత యూనిట్లన్నీ ఆరోజే అమ్మేద్దామన్నారు, నేను ఆపాను. కొని ఏడాది దాటిన యూనిట్ల లాభంలో ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అందుకే కొన్ని యూనిట్లు మార్చిలో, కొన్ని ఏప్రిల్‌లో అమ్ముదామని రాసుకున్నాం. ఆయన మిడ్ క్యాప్ ఫండ్‌ను ముట్టుకోలేదు. దాన్ని ఏటా మిడ్ క్యాప్ 150 టీఆర్ఐ పక్కన పెట్టి చూస్తాం. ఇండెక్స్ ఫండ్‌ను డైరెక్ట్ ప్లాన్‌లో ఎలా తీసుకోవాలో ఆయన కొడుకు ఫోన్‌లో చూపించి పంపాను.