రాత్రి నాడి, ఆగే ఊపిరి: స్లీప్ ఆప్నియాలో గుండె వేగం గురించి అపోహలు - వాస్తవాలు

గురక గురించి చెప్పుకోవడానికి గుండె డాక్టరు దగ్గరికి ఎవరూ రారు. బీపీ అదుపులోకి రావడం లేదనో, చేతి వాచీ ఏదో హెచ్చరిక చూపించిందనో, ఒంటికి కట్టి రోజంతా ఈసీజీ తీసే హోల్టర్ రిపోర్టులో ‘పాజ్’ అన్న మాట చూసి భయపడో వస్తారు. మాటల మధ్యలో పక్కన కూర్చున్న భార్య అందుకుంటుంది: “గురక ఉన్నట్టుండి ఆగిపోతుందండీ. నాకు భయమేసి లేచి చూస్తాను. కాసేపటికి ఒక్క ఉదుటున ఊపిరి లాగి మళ్లీ మొదలుపెడతారు.” నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి పదేపదే ఆగే ఈ జబ్బే స్లీప్ ఆప్నియా. ఆ మాట విన్నాక నేను అదే రిపోర్టును ఇంకోలా చదువుతాను.

ఇటీవల చూసిన ఒక కేసును, మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి, ఇక్కడ చెబుతాను. 50 దాటిన వ్యాపారి. బీపీకి మూడు రకాల మాత్రలు వాడుతున్నా పొద్దున కొలిస్తే పై అంకె 150కి తగ్గదు. 24 గంటల హోల్టర్‌లో నిద్ర గంటల సగటు వేగం నిమిషానికి 64, కనిష్ఠం 38. తెల్లవారుజామున 4:40కి గుండె 3.1 సెకన్లు ఆగింది. పేస్‌మేకర్ వేయించుకోవాలని ఒకచోట చెప్పారు. రెండో అభిప్రాయం కోసం వచ్చారు.

అపోహ: రాత్రి సగటు 64 ఉందంటే గుండె హాయిగా విశ్రాంతి తీసుకున్నట్టే.

ఈయన రికార్డులో నాలుగు గంటల ప్రాంతంలోని ఒక భాగం తీసి లెక్క వేద్దాం. 30 సెకన్లపాటు ఊపిరి లేదు. ఆ సమయంలో గుండె నిమిషానికి 54 చొప్పున, అంటే 27 సార్లు కొట్టుకుంది. తర్వాత ఊపిరి తిరిగొచ్చిన 15 సెకన్లలో వేగం 84కి ఎగసింది, అంటే 21 సార్లు. మొత్తం 45 సెకన్లలో 48 సార్లు. నిమిషానికి లెక్క కడితే సరిగ్గా 64! రాత్రంతా 64 దగ్గర నిలకడగా ఉన్న మనిషికీ, ప్రతి 45 సెకన్లకు 54కీ 84కీ మధ్య ఊగిసలాడిన మనిషికీ సగటు ఒకటే. చాలా వాచీలు కొన్ని నిమిషాలకు ఒక అంకె నమోదు చేస్తాయి, లేదా సగటు తీసి గీత గీస్తాయి. ఈ ఎగుడుదిగుళ్లు ఆ గీతలో మాయమైపోతాయి.

హోల్టర్‌లో మాత్రం ప్రతి కొట్టుకూ నమోదవుతుంది. నిద్ర గంటల్లోని వేగం గీతను పెద్దది చేసి చూస్తే రంపపు పళ్లలా కనిపిస్తుంది. మెల్లగా దిగడం, చటుక్కున ఎక్కడం, మళ్లీ దిగడం. క్రిస్టియన్ గిల్లెమినో బృందం 1984లోనే ‘లాన్సెట్’ పత్రికలో దీన్ని వర్ణించి, స్లీప్ ఆప్నియా ఉన్నవారిని పట్టుకోవడానికి 24 గంటల ఈసీజీ పనికొస్తుందని చెప్పింది. నలభై ఏళ్లు దాటినా చాలా రిపోర్టుల్లో ఇప్పటికీ కనిష్ఠం, గరిష్ఠం, సగటు అని మూడు అంకెలు రాసి ముగిస్తారు. ఇది నాకు ఎప్పుడూ చిరాకు తెప్పించే విషయం.

ఒక హెచ్చరిక. రంపపు పళ్లు లేనంత మాత్రాన స్లీప్ ఆప్నియా లేదనుకోకూడదు. గుండె లయ తప్పే ఎట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో, పేస్‌మేకర్ మీద నడిచే గుండెలో, ఏళ్ల తరబడి మధుమేహంతో నాడులు దెబ్బతిన్నవారిలో, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో ఈ ఊగిసలాట మందగిస్తుంది, కొందరిలో అసలే కనిపించదు. అలాగే నిద్రలో కాళ్లు పదేపదే కదిలించే జబ్బులోనూ ఇలాంటి గీతే వస్తుంది. అందుకే ఈసీజీ అనుమానాన్నే రేపుతుంది, నిర్ధారణ మాత్రం నిద్ర పరీక్షతోనే.

అపోహ: ఊపిరి ఆగినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది.

చాలామందిలో జరిగేది దీనికి తలకిందులు. గొంతు మూసుకుపోయి రక్తంలో ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు మెడలోని కెరోటిడ్ ధమనుల దగ్గరున్న గ్రాహకాలు మెదడుకు సంకేతం పంపుతాయి. ఊపిరితిత్తులు కదులుతుంటే ఆ సంకేతానికి గుండె వేగం పెరిగేది. కానీ ఇక్కడ ఊపిరితిత్తులు కదలడం లేదు. అందువల్ల వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది. నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టినవారి గుండె నెమ్మదించడం వెనక ఉన్నదీ ఈ ప్రతిచర్యే.

అదే సమయంలో, ఆపద వేళ శరీరాన్ని సిద్ధం చేసే సింపథెటిక్ నాడులు చేతులు, కాళ్లలోని రక్తనాళాలను బిగిస్తూ పోతాయి. మెదడు ఉలిక్కిపడి గొంతు తెరుచుకోగానే, ఊపిరితిత్తులు నిండగానే, వేగస్ పట్టు సడలుతుంది. వేగం ఒక్కసారిగా ఎగుస్తుంది. గుండె నుంచి ఎక్కువ రక్తం బయటికి వస్తుంది, నాళాలేమో ఇంకా బిగుసుకునే ఉంటాయి. దాంతో బీపీ ఆ కొద్ది సెకన్లలో శిఖరానికి చేరుతుంది. మామూలు మనిషికి నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. ఈ శిఖరాలు రాత్రంతా వస్తుంటే ఆ తగ్గుదల పోతుంది. సింపథెటిక్ నాడుల ఉధృతి మెలకువ వచ్చాక కూడా చల్లారదని 1995లో విరెండ్ సోమర్స్ బృందం నాడిలోనే సూక్ష్మ ఎలక్ట్రోడు పెట్టి కొలిచి చూపింది. మా వ్యాపారి బీపీ మూడు మాత్రలకు కూడా లొంగకపోవడానికి ఇదొక కారణం. నాలుగో మాత్ర కలిపే ముందు ఆయన నిద్రను పరీక్షించాలి.

అపోహ: నిద్రలో గుండె మూడు సెకన్లు ఆగితే పేస్‌మేకర్ వేయాల్సిందే.

ఈ ఒక్క అపోహకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. దీనివల్ల అక్కర్లేని ఆపరేషన్లు జరుగుతాయి.

ఈయన విషయంలో ముందు చూసింది ఆ 3.1 సెకన్లకు ముందున్న ఈసీజీ. కొట్టుకు కొట్టుకూ మధ్య ఎడం క్రమంగా పెరుగుతూ వచ్చి, చివరికి విరామం, ఆ వెంటనే వేగం. వేగస్ నాడి పని ఇలాగే ఉంటుంది. గుండెలోని విద్యుత్ వ్యవస్థ చెడిపోతే చాలాసార్లు ఇంత మెల్లని పీఠిక ఉండదు. పగలు ఒక్క విరామమూ లేదు. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఎన్నడూ లేదు. మామూలు ఈసీజీ సవ్యంగా ఉంది. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే వేగం వయసుకు తగినంత పెరిగింది. థైరాయిడ్ సరిగా ఉంది, గుండెను నెమ్మదింపజేసే మందులేవీ వాడడం లేదు.

నిద్ర పరీక్షలో ఊపిరి ఆగడం, తగ్గడం కలిపి గంటకు 46 సార్లని తేలింది. 30 దాటితేనే తీవ్రం అంటాం. ఆక్సిజన్ ఒక దశలో 74 శాతానికి పడిపోయింది. పొడవైన విరామాలు తెల్లవారుజామునే ఎందుకు వచ్చాయో కూడా ఆ పరీక్షే చెప్పింది. కలలు వచ్చే దశ, అంటే రెమ్ నిద్ర, రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. ఆ దశలో గొంతు కండరాలు బాగా సడలుతాయి, ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది.

ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం మొదలుపెట్టాం. దాన్ని రాత్రంతా వాడడం అలవాటయ్యాక మళ్లీ హోల్టర్ కట్టాం. కనిష్ఠం 49. విరామాలు లేవు, రంపపు పళ్లూ లేవు. పేస్‌మేకర్ మాట మళ్లీ రాలేదు.

నిద్రలో వేగం మరీ తగ్గినా, విరామాలు వచ్చినా ముందు స్లీప్ ఆప్నియా కోసం చూడమని 2018 నాటి అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాలూ చెబుతున్నాయి. పగలు కూడా విరామాలు ఉన్నా, స్పృహ తప్పుతున్నా, ఊపిరి చక్కబడ్డాక కూడా పొడవైన విరామాలు వస్తున్నా లెక్క వేరు. అప్పుడు పేస్‌మేకర్ గురించి మాట్లాడాల్సిందే.

అపోహ: పగలు కునికిపాట్లు లేవు కాబట్టి గుండెకు ముప్పు లేదు.

ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండె వేగం ఎంత దిగింది, తర్వాత ఎంత ఎగిసింది, ఆ తేడాల రాత్రి సగటు ఎంత? 2021లో అలీ అజర్‌బర్జిన్ బృందం అమెరికాలోని రెండు పెద్ద సమూహాల నిద్ర రికార్డుల్లో ఇదే కొలిచింది. ఈ ఎగసిపాటు మధ్యస్థంగా ఉన్నవారితో పోలిస్తే ఎక్కువగా ఉన్నవారికి గుండెజబ్బులు, మరణాలు ఎక్కువ. ఆ ముప్పు పగటిపూట నిద్రమత్తు లేనివారిలోనే స్పష్టంగా కనిపించింది! నా గదిలో “నాకు నిద్ర సరిపోతుంది డాక్టర్ గారూ” అని పరీక్ష వాయిదా వేసేవారు సరిగ్గా ఈ కోవలోనివారే. అలాగని ఎగసిపాటు ఎంత తక్కువైతే అంత మంచిదని కాదు. నాడులు దెబ్బతిన్నవారిలో అది తగ్గుతుంది. బీటా బ్లాకర్‌తో ఎగసిపాటును అణచవచ్చు గానీ, ఊపిరి ఆగడం, ఆక్సిజన్ పడిపోవడం అలాగే ఉంటాయి.

ఎట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. కరెంటు షాకుతో లయ సరిచేశాక ఏడాదిలో అది తిరగబెట్టడం చికిత్స తీసుకోని స్లీప్ ఆప్నియా రోగుల్లో 82 శాతం, సీప్యాప్ వాడినవారిలో 42 శాతం అని 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో తేలింది. అది చిన్న అధ్యయనమే. అయినా లయ కోసం షాకు ఇవ్వబోయే ముందు గురక గురించి అడగకుండా నేను ఉండను.

అపోహ: సీప్యాప్ యంత్రం కొన్నామంటే గుండెపోటు భయం తీరినట్టే.

2016లో వెలువడిన ‘సేవ్’ పరిశోధనలో అప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,717 మందిని చూశారు. సీప్యాప్ ఇచ్చిన వర్గంలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. ఆ ఫలితాన్ని దాచి యంత్రాన్ని అమ్మడం తప్పు. ఆ ఒక్క ఫలితం చూపి యంత్రమే దండగ అనడమూ తప్పు. అందులో వాడకం సగటున రాత్రికి 3.3 గంటలే. తర్వాత ఇంకో పరిశోధనను తిరిగి విశ్లేషిస్తే, నాడి ఎగసిపాటు ఎక్కువగా ఉన్నవారికి సీప్యాప్ మేలు చేసే సూచనలు కనిపించాయి. అది ఇంకా సూచనే.

పది గంటలకు మాస్కు పెట్టుకుని, ఒంటి గంటకు మెలకువ వచ్చి తీసేసి, ఆరింటిదాకా పడుకునేవారు చాలామంది. గొంతు ఎక్కువగా మూసుకుపోయే రెమ్ నిద్రలో అధికభాగం ఆ తీసేసిన గంటల్లోనే వస్తుంది. 2005లో 112 మంది ఆకస్మిక గుండె మరణాలను పరిశీలించినప్పుడు, స్లీప్ ఆప్నియా ఉన్నవారిలో 46 శాతం అర్ధరాత్రికీ ఉదయం 6 గంటలకూ మధ్యే చనిపోయారు, అది లేనివారిలో 21 శాతం. అందుకే తిరిగి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు యంత్రంలోని కార్డు తెమ్మంటాను. మొత్తం ఎన్ని గంటలు వాడారన్నదానికంటే ముందు, మాస్కు ఏ వేళకు ఊడిందో చూస్తాను. మూడు గంటలకే ఊడుతుంటే ముక్కు దిబ్బడో, గాలి లీకో, నోరు ఎండిపోవడమో ఉంటుంది. మాత్ర మోతాదు మార్చడం ఆ తర్వాతి సంగతి, ముందు మాస్కు కొలత మారుస్తాను.