స్లైడ్ మీద లేత రింగులే ఎందుకు కనిపిస్తాయి?

మనిషి ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు. మలేరియా స్లైడ్ చూసేవాళ్లకి ఆధారం ఇదే. కేంద్రకం లేని కణంలో కేంద్రకంలా రంగు పట్టిన చుక్క కనపడిందంటే, అది బయటినుంచి వచ్చి చేరినదేమోనని అనుమానించాలి.

రక్తపు చుక్కను గాజు పలక మీద పల్చగా పరిచి, ఆరనిచ్చి, మిథనాల్‌లో ముంచి, జీమ్సా రంగు వేస్తారు. ఆయిల్ వేసి వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే ఎర్ర కణాలు లేత గులాబీ, బూడిద రంగు కలిసినట్టు ఉంటాయి. వాటిలో ఒకదాని లోపల సన్నని నీలి గీత గుండ్రంగా తిరిగి ఉంటుంది. ఆ గీత మీద ఒకచోట ముదురు ఎరుపు చుక్క. ఇదే రింగు. నీలంగా కనిపించేది పరాన్నజీవి కణద్రవ్యం, ఎర్రచుక్క దాని కేంద్రకం. నిజానికి ఆ జీవి మధ్యలో చిల్లు లేదు. నడుమ బాగా పల్చగా, అంచు మందంగా ఉండడంతో మధ్యభాగం రంగు పట్టనట్టు కనిపిస్తుంది, అంతే.

రంగు కలిపే నీటి పీహెచ్ 7.2 దగ్గర ఉండాలి. ఆమ్లం ఎక్కువైతే ఎర్రచుక్క వెలిసిపోతుంది. అప్పుడు ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా తడబడతారు.

ఎక్కువగా మోసం చేసేది ఎర్ర కణం మీద వాలిన ప్లేట్‌లెట్. అది ఊదారంగులో ఉంటుంది, చుట్టూ తెల్లటి వలయం ఉంటుంది, కానీ ఎర్రచుక్క, నీలి గీత విడివిడిగా కనిపించవు. అనుమానం వస్తే ఫోకస్ కొద్దిగా తిప్పి చూడాలి. పరాన్నజీవి కణంతో పాటే స్పష్టమవుతుంది. కణం పైన ఉన్నదైతే వేరే ఎత్తులో స్పష్టమవుతుంది. రంగు మడ్డినీ ఇలాగే పట్టుకోవచ్చు.

ఇప్పుడు ఒక స్లైడ్ తీసుకుందాం. అందులో 1000 ఎర్ర కణాలు లెక్కపెడితే 20 కణాల్లో రింగులున్నాయి. వాటిలో మూడు కణాల్లో రెండేసి ఉన్నాయి. లెక్క కణాలదే కాబట్టి 23 కాదు, 20 అని రాయాలి, అంటే 2 శాతం. రింగులు చాలా సన్నగా, కణం వెడల్పులో అయిదో వంతు ఉన్నాయి. కొన్నిటికి రెండు ఎర్రచుక్కలు. కొన్ని కణం అంచుకి అతుక్కుని ఉన్నాయి. రోగం సోకిన కణాలు ఉబ్బలేదు. ఇవన్నీ కలిస్తే ఇది మలేరియా పరాన్నజీవుల్లో ఫాల్సిపారం అనే రకమని బలంగా అనుమానించాలి. వైవాక్స్ అనే ఇంకో రకం అయితే కణం పెద్దదై, లోపల సన్నని ఎర్రటి చుక్కలు పడేవి. రింగులతో పాటు ముదిరిన దశలు కూడా కనిపించేవి.

ఈ స్లైడ్‌లో ముదిరినవి ఒక్కటీ లేవు. నాకు ఈ రోగంలో అన్నిటికన్నా ఆలోచించదగ్గదిగా అనిపించేది ఇదే. ఫాల్సిపారం ఎర్ర కణంలో సుమారు 48 గంటలు పెరుగుతుంది. మొదటి సగంలో రింగుగా రక్తంతో పాటు తిరుగుతుంది. ఆ తర్వాత కణం ఉపరితలం మీదికి తన ప్రొటీన్లను పంపి, కణాన్ని మెదడు, ఊపిరితిత్తుల వంటి అవయవాల్లోని సన్నని రక్తనాళాల గోడలకి అంటుకునేలా చేస్తుంది. అలా అంటుకుంటే ప్లీహం దాకా వెళ్లి అక్కడ నాశనమయ్యే ప్రమాదం దానికి తప్పుతుంది. మనం వేలి నుంచి తీసే చుక్కలోకి అది మామూలుగా రాదు.

కాబట్టి ఆ 2 శాతం లెక్క తిరుగుతున్న లేత పరాన్నజీవులది మాత్రమే. మైక్రోలీటరుకి 50 లక్షల ఎర్ర కణాలుంటే లక్ష కణాలకి సోకినట్టు. రక్తహీనత వల్ల 30 లక్షలే ఉంటే 60 వేలు. గోడలకి అంటుకున్నవాటి సంఖ్య ఈ లెక్క చెప్పదు. ఇద్దరు రోగుల్లో ఒకే 2 శాతం ఉన్నా, ఒకరిలో అన్నీ లేత రింగులూ, ఇంకొకరిలో నల్లటి రేణువులు పట్టిన ముదురు దశలూ కనిపిస్తే, రెండోవారి పరిస్థితి ఎక్కువ కంగారు పెట్టాలి. హిమోగ్లోబిన్ తిన్నాక మిగిలిన వ్యర్థమే ఆ రేణువులు. తెల్ల కణాల్లో కూడా అవి కనిపిస్తే, అంతకుముందే చాలా పరాన్నజీవులు పగిలిపోయాయని అర్థం.

చికిత్స మొదలైన తొలి గంటల్లో రింగులు పెరిగినట్టు కనిపించినా మందు పనిచేయలేదని వెంటనే తేల్చకూడదు. దాగినవి పగిలి, కొత్త రింగులు రక్తంలోకి వచ్చి ఉండవచ్చు. అలాగే జ్వరం ఉండి స్లైడ్‌లో ఏమీ కనిపించకపోతే మలేరియా లేదని ఒక్కసారికే రాసేయకూడదు. 12 నుంచి 24 గంటలకోసారి చొప్పున మొత్తం మూడుసార్లు రక్తం తీసి చూడాలి. ప్రతిసారీ పల్చటి పూతతో పాటు, ఎక్కువ రక్తం పట్టే మందపాటి పూతనూ చూడాలి.