ఒకే శేషం మిగిల్చే పెద్ద సంఖ్య: అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో పోటీ పరీక్షల పిల్లలకు అంకగణితం చెబుతుంటాను. "ఈ మూడు సంఖ్యలనూ భాగిస్తే ఒకే శేషం మిగిల్చే అతి పెద్ద సంఖ్య ఏది?" అని అడగ్గానే, "తేడాలు తీసి గ.సా.భా. కట్టడమే కదా మాస్టారూ" అని క్లాసంతా ఒక్క గొంతుతో చెబుతుంది. సూత్రం నోటికి వచ్చు. కానీ అదే లెక్కను కాస్త మార్చి ఇస్తే సగం మంది తప్పు చేస్తారు. అందుకే సూత్రం పక్కనపెట్టి కొబ్బరికాయలతో మొదలుపెడతాను.

మూడు తోటల్లో దింపు అయింది. ఒక రాశిలో 617 కాయలు, ఇంకోదాంట్లో 953, మూడోదాంట్లో 1373. ప్రతి బస్తాలోనూ ఒకే లెక్కన కాయలు నింపాలి. చివర బస్తా నిండక మిగిలే కాయలు మూడు రాశుల్లోనూ ఒకటే సంఖ్య కావాలి. అలాగైతే బస్తాకు ఎక్కువలో ఎక్కువ ఎన్ని కాయలు పెట్టొచ్చు?

అపోహ: సంఖ్యలకే నేరుగా గ.సా.భా. కట్టాలి.

కట్టి చూడండి. 617 ప్రధాన సంఖ్య, మిగతా రెండింటినీ అది భాగించదు. కాబట్టి గ.సా.భా. 1 వస్తుంది. అంటే బస్తాకు ఒక కాయ! సంఖ్యల గ.సా.భా. శేషం సున్నా అయ్యే భాజకాన్ని ఇస్తుంది. ఇక్కడ మనకు శేషం సున్నా అక్కర్లేదు, సమానమైతే చాలు.

అపోహ: తేడాలు ఎందుకు తీస్తామో తెలియకపోయినా ఫరవాలేదు.

పరీక్షలో మార్కు వరకు ఫరవాలేదేమో. కానీ లెక్కను కొంచెం తిప్పి అడిగితే చేతులెత్తేసేది ఈ కారణం తెలియనివాళ్లే. అందుకే దీని మీదే ఎక్కువసేపు గడుపుతాను.

మొదటి రాశి అంటే కొన్ని నిండు బస్తాలు, పైన కొన్ని విడి కాయలు. రెండో రాశి కూడా అంతే, విడి కాయల సంఖ్య కూడా అదే. పెద్ద రాశిలోంచి చిన్న రాశిని తీసేస్తే విడి కాయలకు విడి కాయలు పోతాయి. మిగిలేవి నిండు బస్తాలే. కాబట్టి 953లోంచి 617 పోగా వచ్చిన 336 బస్తా లెక్కతో కచ్చితంగా తెగాలి. అలాగే 1373లోంచి 953 పోగా 420 కూడా తెగాలి.

ఇది సగమే. రెండో సగం చాలామంది చెప్పరు. 336, 420 రెండింటినీ భాగించే సంఖ్య ఏదైనా సరే, మూడు రాశుల్లో సమాన శేషం ఇస్తుందా? ఇస్తుంది. మొదటి రాశి మీద 336 కాయలు వేస్తే రెండో రాశి అవుతుంది. ఆ 336 కాయలూ నిండు బస్తాలే అయితే పాత విడి కాయలు అలాగే ఉంటాయి, ఒక్కటి పెరగదు, ఒక్కటి తగ్గదు. మూడో రాశికీ ఇదే మాట. రెండు వైపులా నిజం కాబట్టే తేడాలను భాగించే వాటిలో అతి పెద్దది, అంటే తేడాల గ.సా.భా., మనకు కావలసిన సంఖ్య అవుతుంది.

ఇప్పుడు కట్టేద్దాం. 420ని 336తో భాగిస్తే శేషం 84. 336ని 84తో భాగిస్తే శేషం సున్నా. జవాబు 84. సరిచూసుకుంటే 617లో 7 బస్తాలు పోగా 29, 953లో 11 బస్తాలు పోగా 29, 1373లో 16 బస్తాలు పోగా 29. శేషం ఎంతో ముందే తెలియనక్కర్లేదు, అదే చివర్లో బయటపడుతుంది.

అపోహ: మూడు తేడాలూ తీసితీరాలి.

1373కీ 617కీ తేడా 756. అది 336, 420ల మొత్తమే. ఆ రెండింటినీ భాగించేది దీన్నీ భాగిస్తుంది, కొత్తగా చెప్పేదేమీ లేదు. అయితే తీసివేతలో పొరపాటు చేశామా అని చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. చిన్న తేడాలు రెండూ కలిపితే పెద్ద తేడా రాకపోతే ఎక్కడో తప్పింది.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకోటి ఉంది. అన్నిటికన్నా చిన్న తేడానే జవాబు అని రాసేయడం. 336తో భాగిస్తే 617, 953లకు 281 మిగులుతుంది, బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ 1373కి 29 మిగులుతుంది.

అపోహ: ఆప్షన్లు ఒక్కొక్కటీ వేసి చూస్తే సరిపోతుంది.

ఆప్షన్లలో 28, 42, 56, 84 ఇచ్చారనుకోండి. 28తో భాగిస్తే మూడింటికీ 1 మిగులుతుంది. 'దొరికింది' అని టిక్ పెట్టేస్తారు. 42తోనూ మూడింటికీ 29 మిగులుతుంది. 84ని భాగించే ప్రతి సంఖ్యా సమాన శేషమే ఇస్తుంది, ఆ శేషం ఎంతన్నది మారినా సరే. ప్రశ్నలో 'అతి పెద్ద' అన్న మాట ఊరికే లేదు. టైమ్ లేక ఆప్షన్లతోనే వెళ్లాల్సి వస్తే పెద్ద ఆప్షన్ నుంచి కిందికి రండి.

అపోహ: శేషం ఎంతో చెప్పినా, చెప్పకపోయినా పద్ధతి ఒకటే.

ఇందులో నేనే పడ్డాను. ఒక ఏడాది నేను తయారుచేసిన షీటులో "101, 161లను భాగిస్తే 11 శేషం మిగిల్చే అతి పెద్ద సంఖ్య" అని అడిగి, అలవాటుగా తేడా తీసి జవాబు 60 అని వేసేశాను. వెనక బెంచీ అబ్బాయి లేచి, "మాస్టారూ, 60తో భాగిస్తే 41 మిగులుతోందండీ" అన్నాడు. నిజమే. శేషాలు సమానమయ్యాయి కానీ అడిగింది 11 కదా. శేషం చెప్పినప్పుడు తేడాలతో పనిలేదు. ప్రతి సంఖ్యలోంచీ ఆ శేషాన్నే తీసేయాలి. 90, 150 వస్తాయి. వాటి గ.సా.భా. 30, అదే జవాబు.

ఇక్కడ ఇంకో జాగ్రత్త కావాలి. 29, 41లకు 11 శేషం రావాలంటే 18, 30ల గ.సా.భా. 6 వస్తుంది. 6తో భాగిస్తే 11 మిగలడం కుదరదు, శేషం ఎప్పుడూ భాజకం కన్నా చిన్నదే. అలాంటి లెక్కకు జవాబు లేదు. శేషం చెప్పని లెక్కల్లో ఈ బెంగ ఉండదు.

అపోహ: జవాబు ఇచ్చిన సంఖ్యలన్నిటికన్నా చిన్నదిగా ఉండాలి.

17, 77, 137 ఇస్తే తేడాలు రెండూ 60. జవాబు 60. "17ని 60తో ఎలా భాగిస్తామండీ?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు, కొందరు భయపడి 15 అని దిద్దుకుంటారు కూడా. మళ్లీ రాశుల దగ్గరికే వెళ్దాం. 60 కాయల బస్తాతో 17 కాయల రాశి దగ్గరికి వెళ్తే ఒక్క బస్తా కూడా నిండదు. భాగఫలం సున్నా, విడి కాయలు 17. 77లో ఒక బస్తా పోగా 17, 137లో రెండు బస్తాలు పోగా 17.