ప్యాచ్ కింద దురద: అంచునా, నడినెత్తినా?

మే నెల ఎండల్లో ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. బండి మీద డెలివరీ పని. తలకి గమ్ముతో అతికించిన హెయిర్ ప్యాచ్ అనే చిన్న విగ్గు, దాని మీద రోజంతా హెల్మెట్. "డాక్టర్ గారూ, రాత్రిళ్లు నిద్రుండట్లేదు. గోక్కుందామంటే వేలు లోపలికి పోదు, పైనుంచి తట్టుకుంటూ కూర్చుంటున్నా" అన్నాడు.

ప్యాచ్ ఊడదీయించి చూశాను. నడినెత్తిన పసుపుపచ్చటి జిడ్డు పొట్టు. అంచు వెంట, గమ్ము పూసిన మేర మాత్రమే, గీత గీసినట్టు ఎర్రటి పట్టీ, దాని మీద ఆవగింజంత నీటి పొక్కులు. ఆ అబ్బాయి ఒకటే దురద అనుకున్నాడు కానీ, అక్కడున్నవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. అందుకే ప్యాచ్ తీసినప్పుడు అద్దం పట్టుకుని దురద ఎక్కడుందో ముందు చూసుకోమంటాను.

నడినెత్తి సంగతి. మలసీజియా అనే ఈస్ట్, అంటే కంటికి కనబడని ఒక రకం ఫంగస్, మనందరి తల మీదా ఉంటుంది. చర్మంలోంచి ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డుని విరగ్గొట్టినప్పుడు ఓలిక్ ఆమ్లం మిగులుతుంది. అది పడని చర్మం ఎర్రబడి పొట్టు రాలుస్తుంది. ప్యాచ్ కింద చెమట ఆరదు, జిడ్డు కదలదు, దాంతో ఈస్ట్ పెరుగుతుంది. ఈ అబ్బాయి, అమ్మ చెప్పిందని, ప్యాచ్ తీసినప్పుడల్లా కొబ్బరినూనె పట్టించేవాడు. ల్యాబుల్లో ఈ ఈస్ట్‌ని పెంచాలంటే ఆలివ్ నూనె కలుపుతారు. పొట్టు ఉన్న తలకి నూనె రాయడమంటే దానికి అన్నం పెట్టడమే.

మందు సులువే. 2 శాతం కీటోకోనజోల్ షాంపూ, వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. అయితే ప్యాచ్ పైనుంచి రుద్దితే నురగ వెంట్రుకల మీదే ఆగిపోతుంది. ప్యాచ్ అడుగున ప్లాస్టిక్ పొరలాంటి పాలీ బేస్ ఉంటే లోపలికి చుక్క కూడా దిగదు. ప్యాచ్ తీసి, వేళ్లతో నేరుగా చర్మానికి పట్టించి, ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. ఆ తర్వాత పూర్తిగా ఆరాలి. తడి తల మీద ప్యాచ్ పెట్టినా, హిజాబ్ చుట్టినా, తలపాగా కట్టినా కింద చర్మం నానుతూనే ఉంటుంది. ఫ్యాన్ కిందో, డ్రయ్యర్ చల్లగాలితోనో వెంట్రుకల మొదళ్లు ఆరాయని వేలితో తడిమి చూసుకున్నాకే కప్పుకోవాలి. ప్యాచ్ లోపలి వైపూ, హెల్మెట్ లోపలి మెత్తా కూడా ఉతికి ఆరబెట్టాలి.

అంచు సంగతి కాస్త మొండిది. "రెండేళ్లుగా ఇదే గమ్ము వాడుతున్నా, ఇప్పుడెందుకు పడదు?" అని అడిగాడు. అలర్జీ అలాగే వస్తుంది. ప్యాచ్ గమ్ముల్లో, టేపుల్లో ఎక్కువగా ఉండేవి అక్రిలేట్లు అనే అంటించే రసాయనాలు. చర్మంలో ఉన్న రోగనిరోధక కణాలు ఏదో ఒకరోజు వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. అప్పట్నుంచి తగిలిన ప్రతిసారీ, వెంటనే కాదు, రెండు మూడు రోజులకి దురద లేస్తుంది. పూసిన నిమిషంలోనే మండి, కడగ్గానే తగ్గితే అది చాలామటుకు ఘాటు వల్ల వచ్చిన మంట. రోజురోజుకీ పెరుగుతుంటే అలర్జీని అనుమానించాలి.

ఈ అబ్బాయి అనుమానం మాత్రం గమ్ము మీద కాదు, గమ్ము వదిలించడానికి వాడే, నారింజ వాసన వేసే రిమూవర్ మీద. అదీ కొట్టిపారేయలేం. అలాంటి వాటిలో లిమోనిన్ అనే వాసన పదార్థం ఉంటుంది. మూత సరిగ్గా పెట్టకపోతే గాలి తగిలి అది మారిపోయి, అలర్జీ తెచ్చేదిగా తయారవుతుంది.

రెండు వారాలు ప్యాచ్ లేకుండా నూలు టోపీతో తిరగమన్నాను. ఎరుపుకి కొన్ని రోజులకే సరిపడా స్టెరాయిడ్ లోషన్ రాశాను. మందుల షాపులో అడిగి తెచ్చుకునే "అన్నీ కలిపిన" క్రీముల జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. వాటిలోని స్టెరాయిడ్ దురదని అణిచేసి, తామరలాంటి ఫంగస్‌ని లోలోపల ముదరనిస్తుంది.

ఒక్కోసారి మూడోది కూడా కనిపిస్తుంది: వెంట్రుక మొదట్లో చీము తలతో చిన్న పొక్కు. అవి ఒకటీ అరా అయితే గిల్లకుండా, ప్యాచ్ పెట్టకుండా ఉంటే ఎండిపోతాయి. నొప్పిగా, మెత్తగా ఉబ్బి, అక్కడి జుట్టు ఊడొస్తుంటే మాత్రం ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఆలస్యమైతే మచ్చపడి, అక్కడ మళ్లీ వెంట్రుక మొలవదు.

చర్మం నెమ్మదించాక ముంజేతి లోపలివైపు పరీక్ష పెట్టాం. రూపాయి బిళ్లంత మేర గమ్ము పూసి, ఆరనిచ్చి, 48 గంటలు ఉంచాం. రిమూవర్‌ని కప్పిపెడితే అలర్జీ లేని చర్మమైనా కాలొచ్చు కాబట్టి, దాన్ని వేరేచోట రోజుకి రెండుసార్లు ఊరికే రాసి వదిలేయమన్నాను. నాలుగో రోజు ఫోటో పంపాడు. రిమూవర్ రాసిన చోట ఏమీ లేదు. గమ్ము తీసేసిన చోట గుండ్రంగా, ఎర్రగా, చేత్తో తడిమితే తెలిసేంత ఉబ్బు.

ఇప్పుడు క్లిప్పుల ప్యాచ్ వాడుతున్నాడు. క్లిప్పు ఒకేచోట లాగితే ఆ జుట్టూ పలచబడుతుంది కాబట్టి వాటి చోటు మారుస్తూ ఉండమన్నాను. రాత్రి ఇంటికెళ్లగానే తీసి తలుపు వెనక స్టాండుకి తగిలిస్తాడట.