ఇరవై పెట్టుబడులు ఒక్కటైపోయే రోజు

"రకరకాల షేర్లు, బాండ్లు, బంగారం, అన్నీ కొంచెం కొంచెం కొన్నాను. 2020 మార్చిలో కొన్ని రోజులు అన్నీ కలిసే పడ్డాయి. మరి విడివిడిగా పెట్టి ఏం లాభం?" అని ఒక పాఠకుడు అడిగారు. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు ఒక లంబకోణ త్రిభుజంలో ఉంది. స్టాటిస్టిక్స్ పాఠం చెప్పేటప్పుడు, రెండు విషయాలు ఎంతవరకు కలిసి కదులుతాయో చెప్పే సహసంబంధానికి సూత్రం రాయించి, లెక్క చేయించి వదిలేస్తారు. ఈ త్రిభుజం గీసి చూపిస్తే పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది.

ఒక పెట్టుబడి ధర రోజూ కదిలే కదలికను రెండు భాగాలు చేద్దాం. ఒకటి సొంత కదలిక: ఆ కంపెనీ ఫ్యాక్టరీలో మంటలు రావడమో, కొత్త ఆర్డరు దొరకడమో. రెండోది ఉమ్మడి కదలిక: వడ్డీ రేట్లు, యుద్ధం, భయం, అందరినీ ఒకేసారి తాకేవి. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే వాటి పరిమాణాలు మామూలుగా కూడవు, వర్గాలు కూడతాయి. పైథాగరస్ సిద్ధాంతంలో లాగే. సొంత కదలిక ఒక భుజం, ఉమ్మడి కదలిక రెండో భుజం, మొత్తం ఒడుదొడుకు కర్ణం.

ప్రశాంతంగా ఉన్న రోజుల్లో సొంత భుజం 1 శాతం, ఉమ్మడి భుజం అర శాతం అనుకుందాం. కర్ణం 1.12 వస్తుంది. ఇలాంటివి ఇరవై సమానంగా కొంటే ఏమవుతుంది? ఇరవై సొంత కదలికలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. సొంత భుజం 20 వర్గమూలంతో, అంటే సుమారు 4.5తో భాగించబడి 0.22కి కుదించుకుపోతుంది. ఉమ్మడి భుజం మాత్రం అర శాతం దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అది ఇరవైలోనూ ఒకే దిశలో కదులుతుంది. కొత్త కర్ణం 0.55. అంటే ఒడుదొడుకు సగానికి సగం తగ్గింది. మన ఆనందమంతా ఇక్కడిదే.

ఇప్పుడు అసలు విషయం. సంక్షోభం వచ్చి ఉమ్మడి భుజం ఆరు రెట్లు పెరిగి 3 శాతం అయిందనుకోండి. సొంత భుజం మునుపటిలాగే 1. ఒక్క పెట్టుబడికి కర్ణం 3.16. ఇరవై కలిపితే సొంత భుజం మళ్లీ 0.22 అవుతుంది, కర్ణం మాత్రం 3.01. ఇరవై కొన్నందుకు తగ్గినది ఇరవయ్యో వంతే! ఇరవై కాదు, రెండు వేలు కొన్నా 3 కిందికి దిగదు. విడివిడిగా పెట్టడం ఒక భుజాన్నే కుదించగలదు, రెండో దాన్ని ముట్టుకోలేదు.

సహసంబంధం అనే సంఖ్య కూడా ఈ బొమ్మలోనే ఉంది. ఉమ్మడి భుజం వర్గాన్ని కర్ణం వర్గంతో భాగిస్తే వచ్చేదే అది. ప్రశాంత రోజుల్లో 0.25ను 1.25తో భాగిస్తే 0.2. సంక్షోభంలో 9ని 10తో భాగిస్తే 0.9. గమనించారా, కంపెనీల స్వభావం ఏమీ మారలేదు. వాటి ఫ్యాక్టరీలు, ఆర్డర్లు మునుపటిలాగే ఉన్నాయి. మారినది ఒక భుజం పొడవు మాత్రమే. అందుకే సహసంబంధాన్ని మనిషి ఎత్తులాగా ఒకసారి కొలిచి రాసుకునే గుణంగా నేర్పడం నాకు నచ్చదు. అది ఆ కాలపు వాతావరణాన్ని చెప్పే సంఖ్య. ఐదేళ్ల ప్రశాంత రోజుల్లో కొలిచిన 0.2, తుపాను రోజు గురించి దాదాపు ఏమీ చెప్పదు.

మరి ఆ భుజం అంత వేగంగా ఎందుకు పెరుగుతుంది? చెడ్డ వార్త ఒక్కటే అయితే ఇంత పెరగదు. అన్నీ కలిసి పడితే గ్రహస్థితి బాగాలేదని చెప్పేవాళ్లుంటారు. కారణం ఆకాశంలో లేదు, అప్పుల ఖాతాలో ఉంది.

ఒక ఫండ్ దగ్గర సొంత సొమ్ము 10 కోట్లు, అప్పు 40 కోట్లు ఉన్నాయనుకుందాం. మొత్తం ఆస్తులు 50 కోట్లు, సొంత సొమ్ముకు ఐదు రెట్లు. అంతకు మించితే అప్పిచ్చినవాళ్లు ఒప్పుకోరు. ఆస్తుల విలువ 4 శాతం పడితే 48 కోట్లు అవుతుంది. అప్పు 40 అలాగే ఉంటుంది కాబట్టి సొంత సొమ్ము 8 కోట్లే మిగులుతుంది. నిష్పత్తి ఆరు రెట్లకు చేరింది. మళ్లీ ఐదు రెట్లకు రావాలంటే ఆస్తులు 40 కోట్లకు తగ్గాలి, అంటే 8 కోట్ల విలువైనవి వెంటనే అమ్మాలి. ధర పడింది 4 శాతం, అమ్మాల్సి వచ్చింది ఉన్నదాంట్లో ఆరో వంతు. ఇలాంటి ఫండ్లు పది ఉంటే ఒకరి అమ్మకం ఇంకొకరి ధరను పడేస్తుంది. అది మళ్లీ కొత్త అమ్మకాలను తెస్తుంది.

అమ్మేటప్పుడు ఏం అమ్ముతారన్నది ఇంకా ముఖ్యం. పడిపోయిన సరుకును కొనేవాళ్లుండరు. అందుకని అమ్ముడుపోయేదాన్ని, అంటే బాగున్నదాన్నే అమ్ముతారు. అలా అసలు సంక్షోభంతో ఏ సంబంధమూ లేని ఆస్తికి కూడా ఉమ్మడి భుజం మొలుస్తుంది. రెండు ఆస్తులను కలిపే దారం వాటి వ్యాపారంలో లేకపోవచ్చు. రెండింటికీ యజమాని ఒకడే కావడం చాలు.

1998లో లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే అమెరికన్ ఫండ్‌కు జరిగింది ఇదే. అంతకు ముందు సంవత్సరమే నోబెల్ అందుకున్న రాబర్ట్ మెర్టన్, మైరన్ షోల్స్ అందులో భాగస్వాములు. సంవత్సరం మొదట్లో సొంత సొమ్ము సుమారు 470 కోట్ల డాలర్లు, దాని మీద పాతిక రెట్లకు పైగా ఆస్తులు. చాలా దేశాల బాండ్లలో, షేర్లలో, ఆప్షన్లలో పందేలు పెట్టారు. లెక్కల్లో అవన్నీ వేటికవి విడిగా కనిపించాయి. ఆగస్టు 17న రష్యా తన రూబుల్ విలువ తగ్గించి, దేశీయ బాండ్ల చెల్లింపులు ఆపేసింది. రష్యాలో దెబ్బతిన్నవాళ్లు వేరేచోట్ల ఉన్నవి అమ్మడం మొదలుపెట్టారు. అలాంటి పందేలే పెట్టుకున్న ఇతర సంస్థలు కూడా అదే తలుపు వైపు పరుగెత్తాయి. పందేలు విడివిడివే, వాటిని పట్టుకున్న చేతులు మాత్రం ఒకటే. ఆగస్టు నెలలోనే ఫండ్ తన సొమ్ములో 44 శాతం పోగొట్టుకుంది. సెప్టెంబరు 23న 14 ఆర్థిక సంస్థలు సుమారు 360 కోట్ల డాలర్లు పెట్టి దాన్ని చేతుల్లోకి తీసుకున్నాయి.

కాబట్టి నా దగ్గర ఎన్ని రకాలున్నాయి అని లెక్కపెట్టుకోవడం కన్నా, ఇవే రకాలు ఇంకెవరి దగ్గర ఉన్నాయి, వాళ్లు ఎవరి అప్పుతో కొన్నారు అని అడగడం మేలు. సహసంబంధాన్ని కూడా అన్ని రోజులూ కలిపి కాకుండా, మార్కెట్ బాగా పడిన రోజులను విడిగా తీసి చూడాలి. అలాంటి రోజులు కొన్నే దొరుకుతాయి కాబట్టి వచ్చే సంఖ్య అంత నిక్కచ్చిగా ఉండదు. అయినా సగటు దాచిపెట్టినదాన్ని అది చూపిస్తుంది.

ఇక ఆ పాఠకుడి బంగారం సంగతి. 2020 మార్చి 9 నుంచి పది రోజుల్లో బంగారం ధర పది శాతానికి పైగా పడింది. గనుల్లో ఏమీ జరగలేదు, బంగారం మీద నమ్మకమూ పోలేదు. షేర్లలో నష్టపోయి నగదు కావాల్సినవాళ్లు అమ్ముడుపోయేదాన్ని అమ్మారు. అమెరికా ప్రభుత్వ బాండ్లను కూడా అలాగే అమ్మారు. కేంద్ర బ్యాంకులు పెద్ద ఎత్తున డబ్బు దింపాక ఆ ఒత్తిడి అమ్మకాలు ఆగాయి. బంగారానికి మొలిచిన ఆ ఉమ్మడి భుజం మళ్లీ కుంచించుకుపోయింది. ఆగస్టుకల్లా ఔన్సు 2,000 డాలర్లు దాటి కొత్త రికార్డు పెట్టింది. అప్పు లేకుండా కొనుక్కుని, మార్చిలో అమ్మాల్సిన అవసరం పడనివాళ్ల చేతుల్లో ఆ బంగారం అప్పటికీ ఉంది.