వెండి నగల ఫోటోలు: అపోహలు - వాస్తవాలు (ముఖ్యంగా ఆ నల్ల చార గురించి)

ఆన్‌లైన్‌లో వెండి నగలు అమ్మడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నాకు దాదాపు ఒకే ఫోటో పంపిస్తుంటారు. చేత్తో చేసి అద్దంలా పాలిష్ పెట్టిన ఉంగరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ఉంగరం మధ్యలో అడ్డంగా ఒక నల్ల చార. కింద ఒక ప్రశ్న: "లైటు సరిపోలేదాండీ? ఇంకో రెండు కొననా?" లైటు సరిపోయింది. కొనకండి. ఆ చార మీ ఫోను, దాని వెనక నిలబడ్డ మీరు.

అపోహ: లైటు ఎంత పెంచితే వెండి అంత మెరుస్తుంది

బట్ట, మట్టి, చెక్క లాంటివైతే నిజమే, లైటు పెంచితే తెల్లబడతాయి. ఎందుకంటే అవి తమ మీద పడిన వెలుగుని అన్ని వైపులా చిమ్ముతాయి. పాలిష్ చేసిన వెండి అలా చిమ్మదు. పడిన వెలుగులో నూటికి తొంభై పాళ్లకు పైగా తిప్పికొడుతుంది, కానీ అద్దంలాగా, ఏ కోణంలో పడితే అదే కోణంలో అవతలి వైపుకి. అందుకే ఫోటోలో మీకు కనిపించేది చాలావరకు వెండిలో ప్రతిబింబించే గది. గది చీకటిగా ఉండి ఒక్క బల్బు వెలుగుతుంటే, ఉంగరం మీద కూడా ఒక్క తెల్ల చుక్క, మిగతాదంతా నలుపు. మీరు ఇంకో రెండు బల్బులు కొంటే ఇంకో రెండు చుక్కలు వస్తాయి, అంతే.

దీన్ని నమ్మడానికి కెమెరా కూడా అక్కర్లేదు. ఉంగరాన్ని టేబుల్ మీద పెట్టి, ఒక కన్ను మూసి, రెండో కన్ను సరిగ్గా లెన్స్ ఉండాల్సిన చోట ఉంచి చూడండి. ఇప్పుడు ఒక తెల్ల కాగితం పట్టుకుని ఉంగరం చుట్టూ మెల్లగా తిప్పండి. కాగితం ఎక్కడికి వచ్చినప్పుడు ఆ నల్ల చార తెల్లబడిందో, ఆ స్థలమే మీ ఉంగరం "చూస్తున్న" స్థలం. అక్కడ తెల్లటిది ఏదైనా పెట్టి దాని మీద వెలుగు పడేలా చేయడమే ఈ పని మొత్తం. బల్బు ఎన్ని వాట్లు అనేది చివర్లో ఆలోచించాల్సిన విషయం.

నేను మొదట్లో ఆకుపచ్చ టీషర్ట్ వేసుకుని ఒక సెట్ మొత్తం తీసి అప్‌లోడ్ చేశాను. ఒక కొనుగోలుదారు మెసేజ్ పెట్టింది, "లోపలి వైపు ఆకుపచ్చ ఎనామెల్ ఉందా?" అని. అప్పటి నుంచి ఫోటోలు తీసే రోజు తెల్లదో బూడిద రంగుదో వేసుకుంటాను, నెయిల్ పాలిష్ కూడా తీసేస్తాను. నవ్వకండి, ఉంగరంలో గోళ్లు కనిపిస్తాయి.

సరే, ఆ నల్ల చార ఉన్న ఉంగరాన్నే తీసుకుందాం. పైభాగం గుండ్రంగా ఉబ్బి, ఒక అంచు దగ్గర సుత్తి దెబ్బల గుర్తులు ఉన్నాయనుకోండి. ఉబ్బు తలం అన్నిటికంటే మొండిది, ఎందుకంటే అది గదిలో దాదాపు అన్ని వైపులనీ ఒకేసారి చూపిస్తుంది. నేను చేసేది ఇలా ఉంటుంది. కిటికీ ఎడమ పక్కన ఉండేలా టేబుల్ వేస్తాను, నేరుగా ఎండ పడని సమయం చూసుకుంటాను, గదిలో లైట్లన్నీ ఆపేస్తాను (కిటికీ వెలుగు నీలంగా, బల్బు పసుపుగా ఉంటే వెండిలో రెండు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి, తర్వాత ఎడిటింగ్‌లో ఒకటి సరిచేస్తే రెండోది పాడవుతుంది). కిటికీకీ ఉంగరానికీ మధ్య, ఉంగరానికి ఒక జానెడు దూరంలో, పెద్ద ట్రేసింగ్ పేపర్ నిలబెడతాను. ఇప్పుడు ఉంగరానికి కిటికీ చువ్వలు కనిపించవు, ఒక పెద్ద తెల్లటి తలం కనిపిస్తుంది. కుడి వైపున దానికి ఎదురుగా తెల్ల థర్మోకోల్ ముక్క పెడతాను.

చార ఇంకా ఉంటుంది. ఎందుకంటే ముందు వైపు ఇంకా నేనూ ఫోనూ ఉన్నాం. ఒక తెల్ల చార్టు తీసుకుని, మధ్యలో లెన్స్ పట్టేంత మాత్రమే రంధ్రం చేసి, ఫోనుకి ముందు ఆనించి పెడతాను. రంధ్రం చిన్నదైతే ఉంగరంలో అది చిన్న చుక్కగా మిగులుతుంది, అది ఎడిటింగ్‌లో ఒక్క నిమిషం పని. ఫోనుని స్టాండు మీద పెట్టి టైమర్‌తో తీస్తాను, నేను పక్కకి తప్పుకుంటాను.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆగితే ఇంకో సమస్య వస్తుంది.

అపోహ: లైట్ బాక్స్ కొంటే పని అయిపోతుంది

అన్ని వైపులా తెల్లగా ఉన్న డబ్బాలో పెడితే ఉంగరం అన్ని వైపులా తెలుపునే చూస్తుంది. నల్ల చార పోతుంది, నిజమే. దాంతోపాటు మెరుపు కూడా పోతుంది. మన కంటికి మెరుపు అనిపించేది తెలుపు పక్కనే నలుపు ఉన్నప్పుడు, ఆ రెండిటి మధ్య గీత పదునుగా ఉన్నప్పుడు. అంతా తెలుపైతే వెండి బూడిద రంగు ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది, పైగా తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఉంగరం ఎక్కడ అయిపోయిందో అంచే తెలియదు. సుత్తి గుర్తులు కూడా మాయమవుతాయి, ఎందుకంటే ఒక్కో గుంట తన కోణాన్ని బట్టి వేరే చోటుని చూపిస్తేనే కదా అది గుంట అని తెలిసేది.

కాబట్టి మనం కష్టపడి తీసేసిన నలుపుని మనకి కావాల్సిన చోట మళ్లీ పెట్టాలి. నల్ల చార్టుని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించుకోండి. ఒకటి ఉంగరానికి ఎడమ పక్కన, ఒకటి కుడి పక్కన, ఫ్రేములో పడకుండా వీలైనంత దగ్గరగా నిలబెట్టండి. ఉంగరం రెండు అంచుల వెంట సన్నని నల్ల గీత వస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడిపోతుంది. పట్టీని దగ్గరకి తెస్తే గీత లావవుతుంది, దూరం జరిపితే సన్నబడుతుంది. ఈ జరపడంలోనే నాకు సగం సమయం పోతుంది, బోరు కొట్టని భాగం కూడా ఇదొక్కటే.

సుత్తి గుర్తుల కోసం ఇంకో చిన్న మార్పు చేస్తాను. కుడి వైపు థర్మోకోల్ తీసేసి, వెలుగు ఒక పక్క నుంచే పడేలా వదిలేస్తాను. ప్రతి గుంటకీ ఒక వైపు తెల్లగా, ఒక వైపు నల్లగా పడుతుంది. ఒక ఫోటో ఇలా, ఒకటి అలా తీసి రెండూ పెట్టేస్తాను. ఒకప్పుడు నునుపైన ఫోటో మాత్రమే పెట్టేదాన్ని, ఉంగరం చేతికి అందాక "గరుకుగా ఉంది, ఫోటోలో ఇలా లేదు" అని వెనక్కి పంపేవారు. తప్పు వాళ్లది కాదు.

ఆక్సిడైజ్ చేసిన నల్లటి వెండికీ ఇదే పక్క వెలుగు. లైట్ బాక్స్‌లో దాని నలుపు బూడిదగా తేలిపోతుంది.

అపోహ: నగలన్నీ పైనుంచి తీస్తేనే డిజైన్ బాగా తెలుస్తుంది

పైనుంచి నిట్టనిలువుగా తీసినప్పుడు చదునైన పెండెంట్ చూసేది నేరుగా మీ ఫోన్‌నే. చదును తలంలో ఒక సుఖం ఉంది, అది ఒక్క దిక్కునే చూస్తుంది కాబట్టి ఒక్క తెల్ల కార్డుతో పని అయిపోతుంది. దాని అంచు కింద చిన్న మైనం ముద్ద పెట్టి కొద్దిగా వంచండి. అద్దాన్ని 5 డిగ్రీలు వంచితే ప్రతిబింబం 10 డిగ్రీలు జరుగుతుంది, అందుకే వెంట్రుకవాసి కదిపినా పెండెంట్ ఒక్కసారిగా నల్ల నుంచి తెల్లకి మారిపోతుంది. పూర్తి తెల్లబడే దాకా వంచకండి. ఒక మూల నుంచి ఇంకో మూలకి తెలుపు బూడిదలోకి జారుతున్నట్టు కనిపించే చోట ఆపండి, లోహం లోహంలా కనిపించేది అక్కడే.

ఉంగరానికైతే దాన్ని మైనంతో నిలబెట్టి, ఫోనుని టేబుల్ నుంచి 30 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ఉంచి తీయండి. పైభాగం, మందం, లోపలి వంపు మూడూ ఒకే ఫ్రేములో వస్తాయి. చెవిదుద్దులు వేలాడదీసి కంటి ఎత్తున ఎదురుగా, ఎందుకంటే వాటిని మనుషులు చూసేది అలాగే.

అపోహ: పనితనం కనిపించాలంటే ఫోను దగ్గరకి పెట్టాలి

బాగా దగ్గరకి పెడితే చాలా ఫోన్లు వాటంతట అవే అల్ట్రా వైడ్ లెన్స్‌కి మారిపోతాయి. ఉంగరం ముందు భాగం ఉబ్బి, వెనక భాగం చిక్కిపోయి, సైజు కూడా తప్పుగా అనిపిస్తుంది. పైగా ఫోను ఎంత దగ్గరైతే వెండిలో దాని నలుపు అంత పెద్దది, వెలుగుకి అంత అడ్డం. 30 సెంటీమీటర్లు వెనక్కి జరిగి 2x లెన్స్‌తో తీసి, క్రాప్ చేసుకోండి. కెమెరా ఉన్నవాళ్లు f/11 దగ్గర మొదలుపెట్టండి. అంతా ఫోకస్‌లోకి రావాలని f/22కి వెళితే ఫోటో మొత్తం మెత్తబడుతుంది. ముందు అంచు, వెనక అంచు వేరువేరుగా ఫోకస్ చేసి రెండు మూడు షాట్లు కలుపుకోవడం మేలు.

అపోహ: పోలరైజింగ్ ఫిల్టర్ పెడితే వెండి మీద ప్రతిబింబాలు పోతాయి

పోవు. నీళ్ల మీద, గాజు మీద వచ్చే మెరుపుని ఆ ఫిల్టర్ తగ్గిస్తుంది, లోహం మీద ఎంత తిప్పినా పెద్దగా తేడా రాదు. ఉంగరంలో రాయి ఉంటే రాయి మీద మెరుపు తగ్గుతుంది, అంత వరకు పనికొస్తుంది.

అపోహ: బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా రాకపోతే ఎడిటింగ్‌లో బ్రైట్‌నెస్ పెంచేస్తే సరి

ఫ్రేము నిండా తెలుపు కనిపిస్తే ఫోను కంగారుపడి వెలుగు తగ్గించేస్తుంది, అందుకే తెల్ల కాగితం బూడిదగా వస్తుంది. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ సుమారు +0.7 నుంచి +1 దాకా పెంచి లాక్ చేయండి. వెండి మీద అన్నిటికంటే తెల్లటి చోటుని జూమ్ చేసి చూడండి, గీతలూ పాలిష్ జాడలూ ఇంకా కనిపిస్తుంటే సరిపోయినట్టు. అక్కడ ఉత్త తెల్ల మచ్చ మిగిలిందంటే ఎక్కువైంది, తగ్గించండి, ఎడిటింగ్‌లో ఆ వివరం తిరిగి రాదు. మెయిన్ ఫోటోకి స్వచ్ఛమైన తెలుపు, అంటే 255,255,255, అడిగే మార్కెట్‌ప్లేస్‌లు ఉన్నాయి. దానికోసం ఫోటో మొత్తం పెంచకుండా ఉంగరాన్ని సెలెక్ట్ చేసి పక్కన పెట్టి, బ్యాక్‌గ్రౌండ్ ఒక్కదాన్నే తెల్లగా చేయండి.

రంగు విషయంలో కూడా అంతే, పసుపు ఛాయ ఉందని శాచురేషన్ సున్నాకి లాగేస్తారు కొందరు. వెండిలో సహజంగానే ఇసుమంత వెచ్చదనం ఉంటుంది, అది పూర్తిగా పోతే స్టీల్‌లా కనిపిస్తుంది. మొదటి షాట్‌లో ఉంగరం పక్కన ఒక గ్రే కార్డు పెట్టి తీసి, దాని మీద వైట్ బ్యాలెన్స్ సెట్ చేసి, అదే సెట్టింగ్ మిగతా ఫోటోలకి వేసేయండి. ఆ తర్వాత స్లైడర్లు ముట్టుకోవాల్సిన పని దాదాపు ఉండదు, వేలిముద్రలు తుడవడం మర్చిపోయి ఉంటే తప్ప.