రెండు అంచులు కలిస్తే ఒక మూల

పిల్లి ఫోటోను కంప్యూటర్‌కు ఇస్తే దానికి అందేది ఒక సంఖ్యల పట్టిక. నలుపు తెలుపు ఫోటో అయితే ఒక్కో పిక్సెల్‌కు 0 నుంచి 255 లోపు ఒక సంఖ్య ఉంటుంది. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. ఆ పట్టికలో ఎక్కడ వెతికినా చెవి అనో మీసం అనో రాసి ఉండదు. పిల్లి ఒక పక్కకు జరిగి కూర్చుంటే చాలు, పట్టికలోని చాలా సంఖ్యలు మారిపోతాయి. అయినా ఫోటోల్లో ఏముందో గుర్తుపట్టడం నేర్చుకునే కన్వల్యూషనల్ నెట్‌వర్క్ రెండు ఫోటోల్లోనూ పిల్లినే చూడగలుగుతోంది. మొదట అంచులు, తర్వాత టెక్స్చర్లు, ఆ తర్వాత భాగాలు, చివరికి మొత్తం వస్తువు అని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పేస్తాయి. అంచుల నుంచి పై మెట్టుకు అసలు ఎలా ఎక్కుతుందో చాలామందికి అర్థం కాకుండానే పాఠం ముందుకు వెళ్లిపోతుంది. అందుకే ఆ ఒక్క మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. దానికి కూడికలు, గుణకారాలు వస్తే సరిపోతుంది.

ముందు అంచు సంగతి. ఫిల్టర్ అంటే ఒక చిన్న సంఖ్యల చతురస్రం. ఇదిగో, నిలువు అంచును పట్టే ఫిల్టర్:

```
-1  0  1
-1  0  1
-1  0  1
```

దీన్ని ఫోటో మీద ఒకచోట పెట్టి, కింద ఉన్న తొమ్మిది పిక్సెళ్లను పైన ఉన్న తొమ్మిది సంఖ్యలతో ఒక్కొక్కటిగా గుణించి, అన్నీ కూడాలి. ఆ మొత్తాన్ని కొత్త పట్టికలో ఒక గడిలో రాసుకోవాలి. తర్వాత ఫిల్టర్‌ను ఒక పిక్సెల్ పక్కకు జరిపి మళ్లీ అదే పని. ఫోటో అంతా ఇలా తిరిగితే వచ్చే కొత్త పట్టికను ఫీచర్ మ్యాప్ అంటారు.

చీకటి నేపథ్యం మీద ఒక తెల్లటి చతురస్రం ఉందనుకుందాం. నేపథ్యం పిక్సెళ్లన్నీ 20, చతురస్రం పిక్సెళ్లన్నీ 200. ఫిల్టర్ పూర్తిగా చీకట్లో ఉంటే ఎడమ వరుస మొత్తం -60, కుడి వరుస మొత్తం +60, ఫలితం 0. చతురస్రం లోపల ఉన్నా అంతే, -600, +600 కొట్టేసుకుంటాయి. అదే ఫిల్టర్ చతురస్రం ఎడమ అంచు మీద పడితే ఎడమ వరుస -60, కుడి వరుస +600, ఫలితం 540. అంటే వెలుగు ఎంత ఉందన్నది ఈ ఫిల్టర్‌కు పట్టదు, ఎడమ నుంచి కుడికి ఎంత మారిందన్నదే పడుతుంది. చతురస్రం కుడి అంచు దగ్గర వెలుగు నుంచి చీకటికి మారుతుంది కాబట్టి -540 వస్తుంది. ఇలాంటి రుణ సంఖ్యలను 0 చేసేసే చిన్న మెట్టు ఒకటి ఫిల్టర్ తర్వాత ఉంటుంది, దాని పేరు రెలూ. కుడి అంచును పట్టుకోవడానికి గుర్తులు తిరగేసిన ఇంకో ఫిల్టర్ కావాలి.

ఇదే ఫిల్టర్‌ను అడ్డంగా తిప్పి, పైవరుసలో -1లు, కిందివరుసలో 1లు పెడితే చతురస్రం పై అంచును పట్టే ఫిల్టర్ తయారవుతుంది. ఇప్పుడు మన దగ్గర రెండు ఫీచర్ మ్యాపులున్నాయి. ఒకదాంట్లో ఎడమ అంచు వెలుగుతోంది, రెండోదాంట్లో పై అంచు వెలుగుతోంది.

ఇప్పటిదాకా చూసిన ఫిల్టర్లు, రెలూ కలిస్తే ఒక మెట్టు, దాన్నే లేయర్ అంటారు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. రెండో లేయర్‌లోని ఫిల్టర్ ఫోటోను చూడదు. మొదటి లేయర్ తయారు చేసిన మ్యాపులన్నిటినీ ఒకేసారి చూస్తుంది. మనకు రెండు మ్యాపులున్నాయి కాబట్టి రెండో లేయర్ ఫిల్టర్‌లో 3×3 గళ్ల పలకలు రెండుంటాయి, ఒక్కో మ్యాపుకు ఒకటి. చాలామంది విద్యార్థులు తడబడేది ఈ చోటనే. రెండో లేయర్ ఫిల్టర్ కూడా ఒకే పలక అనుకుంటే, అంచులు ఎలా కలుస్తాయో ఎంత ఆలోచించినా తట్టదు.

చతురస్రం ఎడమవైపు పై మూలను గుర్తుపట్టే ఫిల్టర్ మనమే రాద్దాం. మూల దగ్గర నిలబడి చూస్తే కిందివైపు నిలువు అంచు సాగుతుంది, కుడివైపు అడ్డ అంచు సాగుతుంది. కాబట్టి నిలువు అంచుల పలకలో నడిమి గడికి సరిగ్గా కింద ఉన్న గడిలో 1 పెడదాం. అడ్డ అంచుల పలకలో నడిమి గడికి కుడిపక్క గడిలో 1 పెడదాం. మిగతావన్నీ 0. వచ్చిన మొత్తంలోంచి 800 తీసేద్దాం. ఇలా కలిపే స్థిర సంఖ్యను బయాస్ అంటారు, ఇక్కడ బయాస్ -800.

మూల దగ్గర కింది గడిలో 540, కుడి గడిలో 540. మొత్తం 1080. 800 తీసేస్తే 280 మిగులుతుంది. మూలకు ఆనుకుని ఉన్న రెండు గళ్లలో 100 చొప్పున వస్తుంది. ఎడమ అంచు మీద కిందికి జరిగితే నిలువు మ్యాపులో 540 ఉన్నా అడ్డ మ్యాపులో 0, కాబట్టి 540 - 800 = -260, రెలూ దాన్ని 0 చేస్తుంది. పై అంచు మీద కూడా అంతే. చతురస్రం లోపల, బయట 0. కొత్త మ్యాపు అంతా చీకటిగా ఉండి మూల దగ్గర మాత్రమే వెలుగుతుంది. ఫోటోలోని ఏ ఒక్క పిక్సెల్‌లోనూ లేని ‘మూల’ అనే విషయం ఇప్పుడు ఒక సంఖ్యగా మన చేతికి వచ్చింది.

800 అనే సంఖ్యను ఊరికే ఎంచుకోలేదు. పూర్తి నలుపు పక్కన పూర్తి తెలుపు ఉన్నా ఒక్క అంచు ఇవ్వగలిగేది 3×255, అంటే 765 మాత్రమే. అందువల్ల ఎంత బలమైన అంచయినా ఒంటరిగా 800 దాటలేదు. రెండూ ఉంటేనే దాటుతుంది. ‘ఇదీ, అదీ రెండూ ఉండాలి’ అనే షరతును బయాస్, రెలూ కలిసి ఇలా సంఖ్యల్లో పెడుతున్నాయి. లేయర్ల మధ్య రెలూ లాంటిది లేకపోతే 3×3 లేయర్లు రెండు పెట్టినా ఒక 5×5 లేయర్ చేసే పనే అవుతుంది. అప్పుడు వంద లేయర్లు పేర్చినా లెక్క ఒక్క లేయర్ దగ్గరే ఆగిపోతుంది.

మన ఫిల్టర్‌కు ఒక లోపం ఉంది. మసక వెలుతురులో నేపథ్యం 20, చతురస్రం 120 అయ్యాయనుకోండి. ఒక్కో అంచు 300 ఇస్తుంది, రెండూ కలిసి 600. ఎదురుగా మూల ఉన్నా ఫిల్టర్ 0 చెబుతుంది. నిజమైన నెట్‌వర్కులు ఒకే పనికి దగ్గరగా ఉండే ఫిల్టర్లను చాలా పెట్టుకోవడానికి, లేయర్ల మధ్య సంఖ్యలను ఒక స్థాయికి తెచ్చే నార్మలైజేషన్ వాడటానికి ఇదొక కారణం.

ఇక్కడ మనం చేత్తో రాసిన సంఖ్యలను నిజమైన నెట్‌వర్క్‌లో ఎవరూ రాయరు. మొదట యాదృచ్ఛిక సంఖ్యలతో మొదలుపెట్టి, లక్షల ఫోటోలు చూపించి, జవాబు ఎంత తప్పిందో ప్రతిసారీ లెక్కగట్టి అన్ని ఫిల్టర్ల సంఖ్యలను తప్పు తగ్గే దిశలో కొద్దికొద్దిగా సవరిస్తారు. ఫోటోల్లో ఏముందో గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీని 2012లో గెలిచిన అలెక్స్‌నెట్ అనే నెట్‌వర్క్ మొదటి లేయర్‌లో 11×11 ఫిల్టర్లు 96 ఉన్నాయి. ట్రైనింగ్ అయ్యాక వాటిని బొమ్మలుగా గీసి చూస్తే రకరకాల కోణాల్లో అంచులు, చారలు, రంగు మచ్చలు కనిపించాయి. అంచులు వెతకమని దానికి ఎవరూ చెప్పలేదు. ఇది ట్రైనింగ్ ఎలా సాగిందో చూసుకునే మంచి పరీక్ష కూడా. మొదటి లేయర్ ఫిల్టర్లు నునుపైన చారల్లా కాకుండా ఇసక చల్లినట్టు కనిపిస్తే ట్రైనింగ్ ఇంకా సరిపోలేదనో, ఎక్కడో తేడా జరిగిందనో అనుమానించాలి.

పై లేయర్లకు వెళ్లేకొద్దీ ఇదే ఆట పెద్దదవుతుంది. ఒక్కో గడి అసలు ఫోటోలో ఎంత వెడల్పు చూడగలదో దాన్ని రిసెప్టివ్ ఫీల్డ్ అంటారు. వీజీజీ-16 అనే నెట్‌వర్క్‌కు ఇచ్చే ఫోటో 224×224 పిక్సెళ్లు. దాని మొదటి కన్వల్యూషన్ లేయర్‌లో గడి చూసేది 3 పిక్సెళ్ల వెడల్పు, రెండోదాంట్లో 5. మధ్యలో పూలింగ్ వచ్చి, ప్రతి నాలుగు గళ్లలో పెద్ద సంఖ్యను మాత్రమే ఉంచి మ్యాపును సగం వెడల్పుకు కుదిస్తుంది. అక్కడి నుంచి ఒక్క అడుగు పక్కకు జరిగితే అసలు ఫోటోలో రెండడుగులు జరిగినట్టు. అందుకే ఏడో కన్వల్యూషన్ లేయర్ దగ్గర రిసెప్టివ్ ఫీల్డ్ 40 పిక్సెళ్లకు, పదమూడోదాని దగ్గర 196కు చేరుతుంది. 40 పిక్సెళ్ల కిటికీలోంచి పిల్లి మొత్తం కనిపించదు కానీ బొచ్చు, చారలు, వల లాంటి అల్లిక కనిపిస్తాయి. ఒకే రకం అంచులు పక్కపక్కనే మళ్లీ మళ్లీ వస్తే అదే టెక్స్చర్. మూలను కట్టినట్టే టెక్స్చర్‌నూ కింది లేయర్ మ్యాపుల నుంచి కట్టవచ్చు. 196 పిక్సెళ్ల కిటికీలో ముఖం పడుతుంది. ఇలా మెట్లు మెట్లుగా ఏర్పడే తీరును జీలర్, ఫెర్గస్ అనే పరిశోధకులు 2013లో ఒక్కో లేయర్‌ను ఏ ఫోటో ముక్కలు బాగా వెలిగిస్తున్నాయో తీసి చూపించారు. వాళ్లు చూసింది వీజీజీ-16 కంటే తక్కువ లేయర్లున్న, అలెక్స్‌నెట్ లాంటి నెట్‌వర్క్. దాని రెండో లేయర్‌లో మూలలు, మూడోదాంట్లో టెక్స్చర్లు, నాలుగోదాంట్లో కుక్కల ముఖాల వంటి భాగాలు, అయిదోదాంట్లో వస్తువులు కనిపించాయి.

అయితే పై లేయర్ గడికి మొత్తం వస్తువును చూసే వీలుంది అంటే అది మొత్తం వస్తువునే చూస్తోందని కాదు. ట్రైనింగ్‌కు కావలసింది తప్పు తగ్గడమే. బొచ్చు చూసి పిల్లి అని చెప్పగలిగితే ఆకారం జోలికి వెళ్లాల్సిన ఒత్తిడి దానికి ఉండదు. గైర్హోస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు పిల్లి ఆకారం మీద ఏనుగు చర్మపు టెక్స్చర్‌ను పరిచి ఒక బొమ్మ తయారు చేశారు. మనుషులు దాన్ని చూసి పిల్లి అంటారు. ఇమేజ్‌నెట్ ఫోటోల మీద ట్రైన్ అయిన రెస్‌నెట్-50 అనే నెట్‌వర్క్ మాత్రం ఏనుగు అంది. ఆ తర్వాత వాళ్లు ఫోటోల టెక్స్చర్లను రకరకాల చిత్రలేఖన శైలులతో మార్చేసి, టెక్స్చర్‌ను నమ్ముకుంటే పని జరగని ఫోటోల మీద అదే నెట్‌వర్క్‌ను ట్రైన్ చేశారు. అప్పుడది ఆకారం వైపు మొగ్గింది. కాబట్టి ఆకారాన్ని చూసే సామర్థ్యం ఆ నిర్మాణంలో ఉంది, ఫోటోలు దాన్ని అడగలేదంతే.

మీ నెట్‌వర్క్ దేన్ని చూసి జవాబు చెబుతోందో తెలుసుకోవడానికి జీలర్, ఫెర్గస్ వాడిన ఒక తేలికైన పద్ధతి ఉంది. ఫోటో మీద ఒక చిన్న బూడిదరంగు చతురస్రం పెట్టి, ఒక్కో చోటికి జరుపుతూ, సరైన జవాబుకు వచ్చే సంభావ్యత ఎంత పడిందో ప్రతిసారీ రాసుకోవాలి. ఎక్కడ కప్పితే బాగా పడిపోతుందో నెట్‌వర్క్ అక్కడే చూస్తోందన్నమాట. వాళ్లు పరీక్షించిన ఫోటోల్లో ఒకదాంట్లో పొమరేనియన్ కుక్క ఉంది. దాని ముఖాన్ని కప్పగానే పొమరేనియన్ అనే జవాబు సంభావ్యత బాగా పడిపోయింది. అదే ఫోటోలో ఒక బంతి కూడా ఉంది. ముఖం కప్పి బంతిని వదిలేసినప్పుడు నెట్‌వర్క్ చెప్పిన జవాబు టెన్నిస్ బంతి.